తలుపు మీద రెండు సున్నాలు

ఈజిప్టులోని దుమ్యాత్‌లో వడ్రంగులకు లోటు లేదు. ఏ సందులోకి తిరిగినా రంపపు పొట్టు కాళ్లకు తగులుతుంది, వార్నిష్ వాసన ముక్కుకు తగులుతుంది. అలాంటి ఊళ్లో కూడా ఉస్తా, అంటే మేస్త్రీ, ముత్వల్లీ పేరు చెబితే ఇద్దరు ముగ్గురైనా "ఆ, చేతులతో మాట్లాడే ఆయనా?" అంటారు. ఆయన మూగవాడు కాడు. నిజానికి నోరు కాస్త ఎక్కువే. కానీ రంపపు మిషన్ పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డవాడు కనుక, నోటితో చెప్పి గొంతు పగలగొట్టుకోవడం కంటే చేత్తో చెప్పడమే తేలికని ఎప్పుడో తెలుసుకున్నాడు. అరచెయ్యి విప్పితే ఐదు. పిడికిలి బిగిస్తే సున్నా. రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి దూరిస్తే 'అతుకు కుదిరింది' అని. వేళ్ల కణుపులు ఒకదానికొకటి కొడితే 'కుదరలేదు, బలవంతం చేస్తే చీలుతుంది' అని.

కూతురు నిహాల్‌కు పుట్టినప్పటి నుంచీ వినబడదని డాక్టరు చెప్పిన రోజు, తల్లి ఇన్‌షిరాహ్ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ముత్వల్లీ మాత్రం పిల్లను భుజాన వేసుకుని వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. "అక్కడ వినబడేదెవడికే? మిషన్ ఆన్ చేస్తే అందరం చెవిటివాళ్లమే," అన్నాడు. ఆ మాట ఓదార్పుకు అన్నదే అయినా నిజమైంది. పిల్ల ఆ చేతుల భాషలోనే పెరిగింది. తర్వాత బడిలో అసలు సైగల భాష నేర్చుకుంది. తండ్రితో మాత్రం వర్క్‌షాపు భాషే. తల్లికి తెలిసినవి వంటింటి సైగలు. తిను, తాగు, రా, పో, ఉప్పు. అంతకు మించి ఆవిడకూ ఓపిక లేదు, పిల్లకూ ఓపిక లేదు.

ఆ నిహాల్‌కు ఇప్పుడు సంబంధం వచ్చింది. ఇస్మాయిలియాలో పిన్ని ఇంటి పక్కన ఉండే ఫాయిజ్. స్కూలు బస్సు నడుపుతాడు, నెమ్మదస్థుడంటారు. పిల్లను పిన్ని ఇంట్లో చూశాడు, నచ్చింది. శుక్రవారం సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత వాళ్ల పెద్దలు పిన్ని ఇంటికే వచ్చి అడగడం, సరేనంటే ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకోవడం. ముత్వల్లీ కూడా వెళ్లాల్సినవాడే. కానీ వారం కిందట నిచ్చెన జారింది. కాలు విరిగి పిండికట్టు పడింది, జేబులో ఫోను ముక్కలైంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తల్లీ కూతుళ్లే వెళ్లారు.

బయల్దేరే ముందు నిహాల్ తండ్రి ఎదురుగా కూర్చుని ఒకే మాట చేతులతో చెప్పింది. నువ్వు అడిగితేనే జవాబు చెబుతాను. వీడియోలో నీ చేతులు చూడాలి.

ముత్వల్లీ పిడికిలితో గుండె మీద కొట్టుకున్నాడు. అడుగుతా అని.

ఆ మాటే ఇప్పుడు ఆయన గొంతు మీద కూర్చుంది. శుక్రవారం మధ్యాహ్నం వాసిఫ్ వచ్చి సెకండ్ హ్యాండ్ ఫోను ఇచ్చి వెళ్లాడు. వాసిఫ్ అంటే వర్క్‌షాపులో పరుపులు, కుర్చీల బట్టలు కుట్టే భాగస్వామి, ఇరవై ఏళ్ల స్నేహితుడు. సిమ్ము, వీడియో కాల్ యాప్ అన్నీ ఫోన్ల దుకాణంలోనే వేయించి తెచ్చాడు. అన్నీ ఉన్నాయి, ఇంటి వైఫై తప్ప. ఆ పాత కట్టడం గోడల మధ్య మొబైల్ డేటా నత్తలా పాకుతుంది. మాట వస్తుంది కానీ బొమ్మ రాదు. పాస్‌వర్డ్ ముత్వల్లీకి తెలియదు. ఆయన ఎప్పుడూ కొట్టలేదు, ఇంట్లో అన్ని ఫోన్లలో నిహాలే కొట్టింది. రూటర్ అడుగున అంటించిన చీటీ మీది పాస్‌వర్డ్ పనికిరాదు. కింది అంతస్తు జకరియా వైఫై దొంగతనంగా వాడుకుంటున్నాడని పోయిన ఏడు గొడవపడి మరీ మార్పించాడు. ఇప్పుడు జకరియా సొంత వైఫై పెట్టించుకున్నాడు గాని, ఏ ముఖం పెట్టుకుని అతన్ని అడగడం? అడుగుదామన్నా వాళ్ల ఇంటిల్లిపాదీ సముద్రపు ఒడ్డుకు పోయారు.

పాస్‌వర్డ్ మార్చిన రోజు ఆయన వర్క్‌షాపులోనే ఉన్నాడు. పనిముట్ల బీరువా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్నాడు. అంతవరకు గుర్తుంది.

వాసిఫ్‌కు ఫోను చేసి బతిమాలాడు. సెలవు రోజే అయినా పాపం వాసిఫ్ వెళ్లి తాళం తీశాడు.

"తలుపు తెరిచాను. ఒరే, ఇక్కడ నీ పెన్సిల్ గీతలే కదరా మొత్తం! ఎవరి మంచం కొలతలో, ఎవరి సోఫా లెక్కలో. ఇందులో నీ వైఫై ఎక్కడని వెతకను?"

"ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి చూడు. నేను రాసిన ఇంగ్లీషు అదొక్కటే."

"ఆ, దొరికింది. అబ్బా, ఎంత అందమైన రాత! కోడి గీకినట్టుంది."

"ముందు చదువు, తర్వాత ఎక్కిరిద్దువు గాని. ఒక్కో అక్షరం, మెల్లగా. సున్నాకీ, ఓ అక్షరానికీ తేడా చూసి చెప్పు. జనం తప్పేది అక్కడే. మొన్న మా తోడల్లుడి ఇంట్లో దాని గురించే సగం రోజు కొట్టుకున్నారు."

"నాకు నేర్పుతున్నావా? సరే. కె. తర్వాత ఒక గుండ్రం."

"సున్నానా, ఓ నా?"

"కె పక్కన సున్నా ఎందుకుంటుందిరా? ఓ యే. తర్వాత ఎం. మళ్లీ ఓ. డి, ఐ, ఎన్, ఇంకో ఓ."

ముత్వల్లీ పెదవులతో కూడబలుక్కున్నాడు. కొమొదీనో. మంచం పక్కన పెట్టే చిన్న సొరుగుల బల్ల. మాట దొరికేసరికి ముఖం వికసించింది. మాట తెలిసిందంటే అందులోని మూడు గుండ్రాలూ అక్షరాలే, అనుమానం లేదు.

"పెద్ద అక్షరాలా, చిన్న అక్షరాలా?"

"అన్నీ చిన్నవే. ఇంకా ఉంది. చివర రెండు గుండ్రాలు."

"రెండు గుండ్రాలా? సున్నాలా, ఓ లా?"

వాసిఫ్ ఆలోచించాడు. "అదే తెలియట్లేదు. అక్షరాల్లోని ఓ లాగా చక్కగా గుండ్రంగా లేవు. కాస్త కోలగా ఉన్నాయి. కోడిగుడ్డు నిలబెట్టినట్టు."

"కోలగా ఉంటే సున్నా. అచ్చులో కూడా సున్నా సన్నగా, ఓ బొద్దుగా ఉంటుంది. సున్నాలే అయ్యుంటాయి."

కొట్టాడు. చిన్నక్షరాలతో మాట, వెనక రెండు సున్నాలు. కొట్టేది చుక్కలుగా కనబడుతుంటే కన్ను బొమ్మ నొక్కి, సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు. నొక్కాడు. ఫోను కాసేపు తిరిగి, పాస్‌వర్డ్ తప్పు అంది.

సున్నాలు తీసేసి చిన్న ఓ లు పెట్టాడు. తప్పు. పెద్ద ఓ లు. తప్పు. ముందొక సున్నా, వెనకొక ఓ. తిరగేసి. అదీ తప్పే. ఆయనకు తల ప్రాణం తోకకు వచ్చింది. కిటికీ బయట ఎండ ఎదురింటి గోడ మీద సగానికి జారింది.

ఈలోగా ఇన్‌షిరాహ్ మామూలు కాల్ చేసింది. వెనకాల గ్లాసుల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు.

"నిహాల్ నాన్నా, ఎక్కడున్నావయ్యా? వచ్చి కూర్చున్నారు. షర్బత్ ఇచ్చేశాం. మా చెల్లి మొగుడు హాజ్ సబ్రీ అడుగుతున్నాడు."

"వైఫై కుదరట్లేదే. పిల్లనడుగు, పాస్‌వర్డ్ తనకి తెలుసు."

"ఎలా అడగనయ్యా? నాకొచ్చినవి ఉప్పు, నీళ్లు. పెళ్లివాళ్ల మధ్యలో కూర్చోబెట్టి పిల్లతో వైఫై అని ఏం సైగ చెయ్యను? నవ్వరూ?"

"కాగితం మీద రాసి చూపించు. లేదా దాని ఫోను దానికివ్వు."

"దాని ఫోను నా సంచిలో పెట్టా. పెళ్లిచూపుల్లో పిల్ల ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఏమనుకుంటారు? నాకీ సంబంధం కావాలి, నిహాల్ నాన్నా. నువ్వు కాల్ చేస్తే పిల్ల ముందు పట్టుకుంటా, ఒట్టు. రాకపోతే మాత్రం నన్నేం చెయ్యమంటావు?"

అంతలో ఫోను తోడల్లుడు హాజ్ సబ్రీ చేతిలోకి పోయింది. మంచి మనిషే, కానీ ప్రతి పనీ భోజనం వేళకు తేలిపోవాలనే రకం.

"ఉస్తా, కంగారు పడకు. అబ్బాయి మేనమామ పొద్దుగూకే మగ్రిబ్‌కల్లా తిరిగి పోవాలిట. అంతలోపు చదివేద్దాం. పిల్ల తలొంచుకుని కూర్చుంది, ఏమీ అనలేదు. సిగ్గుపడే పిల్ల మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే కదా, మనకి తెలియనిదా?"

ముత్వల్లీ ఒళ్లు మండిపోయింది. "సబ్రీ, అది పుట్టి ఇరవై మూడేళ్లు. ఏనాడు మాట్లాడింది? ఆ లెక్కన అది పుట్టినప్పటి నుంచీ అన్నిటికీ ఒప్పుకుంటూనే ఉందా?"

"అబ్బే, నేనన్నది అది కాదు..."

"నేను అడిగేదాకా చెయ్యెత్తి ఫాతిహా మొదలెట్టారంటే, ఈ పిండికట్టు కాలితోనే వస్తా. మెట్లు దొర్లుకుంటూ వస్తా."

ఫోను పెట్టేశాక ఆయనకు మిగిలింది కోపం కాదు, భయం. ఫాయిజ్ చెడ్డవాడని కాదు. పిల్లకు ఇష్టమే కావచ్చు. ఇష్టం లేకపోవచ్చు. అదే కదా తెలియంది. అడిగేవాడు లేకుండా నిండు గదిలో తలొంచుకుని కూర్చున్న పిల్ల తరఫున గదిలో వాళ్లంతా జవాబు చెప్పేసుకుంటున్నారు. ఒకసారి ఫాతిహా చదివాక, వద్దని చెప్పడానికి నోరున్నవాళ్లకే నోరు రాదు.

మళ్లీ వాసిఫ్.

"ఒరే, ఇంకోసారి చూడు. ఆ చివరి రెండింటినీ చూడు."

"చూస్తూనే ఉన్నా, కళ్లు కాయలు కాశాయి. రూటర్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది చూడు, సూదితో పొడిస్తే పాత పాస్‌వర్డుకి పోతుందిట."

"పోతుంది, దాంతో పాటు కంపెనీ వాళ్ల సెట్టింగులూ పోతాయి. అప్పుడు వాళ్లకి ఫోను చేస్తే పాట వినిపిస్తారు రేపటిదాకా. వద్దు. ఆ రెండు గుండ్రాలు పక్కపక్కనే ఉన్నాయా?"

"లేవు. మధ్యలో కాస్త జాగా ఉంది. ఇంకేదో రాయబోయి మానేసినట్టు."

"జాగాలో ఏముంది?"

"ఏముంటుంది? మేకు కన్నం. రెండో గుండ్రం పక్కన కూడా ఇంకో మేకు కన్నం."

ముత్వల్లీ మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు బల్లకు తగిలి ప్రాణం జివ్వుమంది, పట్టించుకోలేదు.

"వాసిఫ్, ఆ తలుపు ప్లైవుడ్. నా వేలి మందం లేదు. అందులో నేను మేకు కొడతానా? కొడితే అవతలికి మొన పొడుచుకురాదూ?"

"నాకేం తెలుసురా, నేను బట్ట కుట్టేవాణ్ణి. కన్నంలా కనిపిస్తే కన్నమన్నా."

"వేలితో తడిమి చూడు."

ఫోనులో చెక్క మీద వేలు గీసిన చప్పుడు.

"కన్నం లేదు. నున్నగా ఉంది. వేలికి నల్లగా అంటింది. పెన్సిలే. చుక్క." వాసిఫ్ గొంతు మెల్లగా మారింది. "ముత్వల్లీ... చుక్కరా. చుక్క పెట్టావు. మనం చుక్కని ఏమంటాం?"

ఏమంటారో ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. బడి పలక మీద నుంచి తోపుడు బండి మీది ధర దాకా, వాళ్ల అరబ్బీ రాతలో సున్నా అంటే చుక్క. గుండ్రంగా సున్నా చుట్టేది ఇంగ్లీషు వాళ్లు. తమ రాతలో గుండ్రం చుడితే అది ఐదు. ముందు ఇంగ్లీషు మాట ఉంది కదా అని, వెనకది కూడా ఇంగ్లీషే అనుకున్నారు. పైగా, సున్నానా ఓ నా అని అడిగినవాడు ముత్వల్లీయే. తనే రెండు తలుపులు చూపించి, మూడోది తనే మూశాడు.

అప్పుడు ఆ రోజు మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. రంపపు మిషన్ హోరు. దాని అవతల నిహాల్, ఫోను పట్టుకుని, కొత్త పాస్‌వర్డ్ ఇదీ అని చెప్పడానికి బల్ల మీది పొట్టులో వేలితో ఇంగ్లీషు మాట రాసింది. దాన్ని గీతకు గీతగా తలుపు మీద దించుకున్నాడు. మిగతాది చేత్తో చెప్పింది. అరచెయ్యి విప్పింది, మూసింది, విప్పింది, మూసింది. అది నిహాల్ తన చేత్తో మొదటిసారి చేసిన కొమొదీనో కొలత. యాభైకి యాభై. ఆ బల్ల ఇప్పటికీ ఆయన మంచం పక్కనే ఉంది. సొరుగు కాస్త బిగుతు. చేత్తో చెప్పినదాన్ని ఆయన తన అలవాటు రాతలో రాసుకున్నాడు. గుండ్రం, చుక్క, గుండ్రం, చుక్క.

కొమొదీనో, ఐదు సున్నా ఐదు సున్నా. ఫోనులో ఇంగ్లీషు అంకెలతోనే కొట్టాడు. నొక్కాడు. తిరిగింది. వైఫై గుర్తు వెలిగింది.

"వచ్చిందిరా!"

"వస్తే పెట్టెయ్, పిల్లకి చెయ్! నాతో ఏం మాటలు!" అని వాసిఫే ముందు పెట్టేశాడు.

వీడియో కాల్ మోగింది. ఇన్‌షిరాహ్ మాట తప్పే మనిషి కాదు. ఎత్తింది. తెరలో ముందు పైకప్పు, తర్వాత ఎవరిదో మోకాలు, తర్వాత నిండు గది. మేనమామ అప్పటికే అరచేతులు పైకి పట్టి సిద్ధంగా ఉన్నాడు. ఫాయిజ్ కొత్త చొక్కాలో, చెమటతో. వాళ్ల మధ్య తలొంచుకుని నిహాల్. తల్లి భుజం తట్టి ఫోను ముందు పెట్టింది. పిల్ల తలెత్తి తండ్రిని చూసింది.

ఆ ముఖంలో ఎంతసేపటి ఎదురుచూపు ఉందో చూసి ముత్వల్లీకి ఏడుపు వచ్చినంత పనైంది. ఫోనును కొమొదీనోకు ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. ఆయన రెండు చేతుల వేళ్లూ ఎదురెదురుగా పట్టుకుని, కనుబొమలు ఎగరేసి అడిగాడు. అతుకు కుదురుతుందా?

నిహాల్ చేతులెత్తింది. వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చబోయి, సగంలో ఆపింది. కణుపులు కొట్టలేదు. చేతులు విడదీసి, ఎడమ అరచేతిని కుడిచేతి వేలి కొసలతో రుద్ది, ఆ వేళ్లు గాలికి ఆరబెట్టినట్టు ఆడించింది. తర్వాత ఫాయిజ్‌ను చూపించి, తన నోరు చూపించి, రెండు చేతులూ ఖాళీగా తిప్పింది.

గది అంతా ముత్వల్లీ వైపే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"విన్నారా? వినలేదు కదా. నేను చెబుతా. కర్ర పచ్చిగా ఉందంటోంది. ఇప్పుడే బిగిస్తే ఎండాక వదులవుతుంది. అబ్బాయి ఎప్పుడొచ్చినా నోటితోనే మాట్లాడాడట, చేత్తో ఒక్క మాట నేర్చుకోలేదట. నేర్చుకుని వచ్చి, అతనే తనని అడగాలట. అప్పుడు చెబుతుందట. ఇవాళ ఫాతిహా లేదు."

"అంటే... కాదనా?" అన్నాడు హాజ్ సబ్రీ బిక్కముఖం వేసి.

"కాదని అనలేదు, అవుననీ అనలేదు. ఆ రెండే ఉన్నాయనుకోకు సబ్రీ. నేనూ ఇందాకటిదాకా అలాగే అనుకుని చచ్చాను."

మేనమామ అరచేతులు నెమ్మదిగా ఒళ్లోకి దిగాయి. ఇన్‌షిరాహ్ మాత్రం ఫోనును పిల్ల ముందు నుంచి తియ్యలేదు. ఫాయిజ్ ఎర్రబడి నిహాల్‌ను చూశాడు. అనడానికి ఏం వాడాలో తెలియక కాబోలు, తన రెండు చేతుల్ని తనే మొదటిసారి చూసుకుంటున్నట్టు చూసుకున్నాడు.

నిహాల్ మళ్లీ తండ్రి వైపు తిరిగింది. కనుబొమలు ముడిచి, మణికట్టు మీద వేలితో కొట్టింది. ఇంత ఆలస్యమేం?

ముత్వల్లీ అరచెయ్యి విప్పాడు, మూశాడు, విప్పాడు, మూశాడు. తర్వాత వేలితో గాలిలో ఒక గుండ్రం చుట్టి, దాన్ని సున్నా అనుకున్నానని పిడికిలి చూపించి, అదే పిడికిలితో తన తల మీద తనే మొట్టుకున్నాడు.

నిహాల్‌కు అర్థమైంది. నవ్వింది. వినబడనివాళ్ల నవ్వుకు అదుపు ఉండదు. పెద్దగా, బొంగురుగా, గదంతా నిండిపోయేలా వచ్చింది. ఇంతసేపూ ఆ పిల్ల మౌనాన్ని తమకు కావలసినట్టు చదువుకున్నవాళ్లందరూ, ఆమె గొంతు మొదటిసారి విన్నారు.